ఎల్లో అలర్టూ, రెండో ప్రమాద హెచ్చరికా: లంకలో ఇల్లున్నవాళ్ళు దేన్ని లెక్కలోకి తీసుకోవాలి?

లంకింటి కోడలు (ఉదయం 11:40)

అందరికీ నమస్కారమండి. మా అత్తమామలు పి.గన్నవరం మండలం వైపు గోదారి వశిష్ఠ పాయలో ఒక లంకలో ఉంటారు. నేను హైదరాబాదులో ఉంటాను. పొద్దున్నుంచి ఒక్కొక్కరు ఒక్కో మాట చెబుతున్నారు. ఫోనుకు కోనసీమ జిల్లాకి వర్షం ఎల్లో అలర్ట్ అని మెసేజ్ వచ్చింది. టీవీలో ధవళేశ్వరం దగ్గర మొదటి ప్రమాద హెచ్చరిక కొనసాగుతోంది, రెండోది కూడా వస్తుందంటున్నారు. కేంద్ర జలసంఘం సైటు తెరిస్తే భద్రాచలం నారింజ రంగులో, ధవళేశ్వరం పసుపు రంగులో ఉన్నాయి. ఊళ్ళో మాత్రం చక్కగా ఎండ కాస్తోందట. "ఎల్లోనే కదమ్మా, ఎండ కూడా కాస్తోంది, కంగారెందుకు" అంటున్నారు మామయ్యగారు.

ఇంట్లో ఇద్దరు పెద్దవాళ్ళు, రెండు గేదెలు, ఒక దూడ. ఇల్లు ఎత్తు మీదే ఉంది, అరుగు మీదికి నీళ్ళు రావడం అరుదు. వాళ్ళని ఎప్పుడు బయటికి తీసుకురావాలో ఏ రంగు చూసి తేల్చుకోవాలి?

డెల్టా కుర్రోడు (ఉదయం 11:52)

సింపుల్ అండి. ఎల్లో అంటే 24 గంటల్లో 7 నుంచి 11 సెంటీమీటర్ల వాన. ఆరెంజ్ అంటే 12 నుంచి 20. రెడ్ అంటే 21 దాటి. మీకు ఎల్లోయే కాబట్టి మహా అయితే 11 సెంటీమీటర్లు పడుతుంది. లంకలో నేల ఇసక పాలు కదా, గంటలో ఇంకిపోద్ది. రెడ్ వచ్చాక చూసుకోవచ్చు.

గేజిమెట్టు (మధ్యాహ్నం 12:20)

కోడలుగారూ, మీరు చూసిన రెండు పసుపులూ ఒకటి కాదు. ముందు వాటిని విడదీద్దాం.

ఫోనుకొచ్చింది వాతావరణ శాఖది. అది మీ జిల్లాలో ఆకాశం నుంచి పడే నీటి గురించి మాత్రమే చెబుతుంది. గోదారి మాట అందులో లేదు. లంకకు వచ్చే వరద కోనసీమలో పడ్డ వాన కాదు కదా. విదర్భలో పడింది ప్రాణహితలోకి, ఛత్తీస్‌గఢ్‌లో పడింది ఇంద్రావతిలోకి, ఒడిశా వైపు పడింది శబరిలోకి దిగి, అన్నీ కలిసి మన దగ్గరికి వస్తాయి. అందుకే ఎండలో వరద రావడం లంకల్లో వింతేమీ కాదు. మామయ్యగారికి కూడా అది తెలిసే ఉంటుంది. ఫోనులో "ఎల్లో" అన్న మాట చూసి తేలిగ్గా తీసుకుంటున్నట్టున్నారు.

జలసంఘం సైటులోది ఏటి నీటిమట్టానికి పెట్టిన రంగు. దాని అర్థం ఇంకా వేరు. హెచ్చరిక మట్టం దాటితే పసుపు, ప్రమాద మట్టం దాటితే నారింజ. ఎరుపు రావాలంటే ఆ స్టేషన్లో ఇంతవరకు నమోదైన అత్యధిక మట్టాన్ని కూడా దాటాలి. ధవళేశ్వరానికి వాళ్ళు పెట్టుకున్న హెచ్చరిక మట్టం 14.25 మీటర్లు, ప్రమాద మట్టం 16.08 మీటర్లు. అవి సముద్రమట్టం నుంచి లెక్క. బ్యారేజి గేజి సున్నా 35 అడుగుల ఎత్తున ఉంటుంది, అంటే 10.67 మీటర్లు. సైటు అంకెలోంచి అది తీసేసి 3.28తో గుణిస్తే మనం రోజూ వినే అడుగులు వస్తాయి. ఆ లెక్కన 14.25 మీటర్లంటే 11.75 అడుగులు, అదే మన మొదటి హెచ్చరిక. 16.08 అంటే 17.75 అడుగులు, అదే మూడోది.

మధ్యలో 13.75 దగ్గర ఇచ్చే రెండో హెచ్చరికకు ఆ సైటులో వేరే రంగే లేదు. రెండో హెచ్చరిక దాటి మూడోది వచ్చేదాకా అక్కడ పసుపే కనిపిస్తుంది. ఆ పసుపులోనే నాలుగు అడుగులు అదనంగా పెరగొచ్చు. నదికి రంగు చూడకండి, అంకె చూడండి.

ఏటిగట్టు అక్క (మధ్యాహ్నం 12:31)

ఎరుపు గురించి ఇంకొక్క మాట. 2022 జులైలో భద్రాచలం దగ్గర 71.3 అడుగులు వచ్చింది. 1986 ఆగస్టులో వచ్చింది 75.6. పాత రికార్డు దాటలేదు కాబట్టి ఈ పద్ధతిలో 2022 వరద కూడా నారింజే అవుతుంది. ఆ వరదకి లంకలన్నీ ఏమయ్యాయో అందరికీ తెలుసు. ఎరుపు కోసం ఎదురుచూసేవాళ్ళు ఇది గుర్తు పెట్టుకోవాలి.

కాకినాడ రేవు (మధ్యాహ్నం 12:40)

మా దగ్గర పోర్టులో మూడో నంబరు ప్రమాద సూచిక ఎగరేసినప్పుడు కూడా పెద్దగా ఏమీ అవ్వదండి. గాలి కాస్త గట్టిగా వీస్తుంది, బోట్లు వేటకి వెళ్ళవు, అంతే. సూచికలు పదకొండు దాకా ఉంటాయి. మీకు ఇంకా రెండు దగ్గరే కదా ఉంది.

గేజిమెట్టు (మధ్యాహ్నం 12:48)

రేవుగారూ, మీరు చెప్పేది ఓడరేవులో తుపాను సూచిక. దానికీ దీనికీ సంబంధం లేదు. పోర్టులో మూడు అంటే ఈదురుగాలులు వీస్తాయన్న స్థానిక హెచ్చరిక, పదకొండు దాకా వెళ్ళే వరసలో కింది మెట్టు. ధవళేశ్వరం దగ్గర ఉన్నవే మూడు, మూడోదే ఆఖరిది. పేపర్లో రెండింటికీ "మూడో నంబరు ప్రమాద హెచ్చరిక" అని ఒకేలా రాస్తుంటారు. ఊరు పేరు కాకినాడా, ధవళేశ్వరమా అని చూసుకోవాలి.

కుర్రోడుగారూ, సెంటీమీటర్ల లెక్క మీరు సరిగ్గానే చెప్పారు, అయితే అది రంగు లెక్క కాదు. భారీ వర్షం అంటే 64.5 మిల్లీమీటర్ల నుంచి, అతి భారీ 115.6 నుంచి, అత్యంత భారీ 204.4 దాటితే. రంగు వేసేటప్పుడు వాతావరణ శాఖ ఎంత పడొచ్చు అన్నదొక్కటే చూడదు. పడే అవకాశం ఎంత ఉంది, పడితే నష్టం ఎంత అన్న రెండూ కలిపి చూస్తుంది. అతి భారీ వర్షానికి అవకాశం తక్కువగా ఉంటే ఎల్లో రావచ్చు. నేల అప్పటికే నీళ్ళు తాగి ఉండి, అవకాశం గట్టిగా ఉంటే అంతకన్నా తక్కువ వానకే ఆరెంజ్ రావచ్చు. కాబట్టి "ఎల్లో కాబట్టి 11 దాటదు" అని హామీ లేదు. పైగా రంగు జిల్లా మొత్తానికి వేస్తారు. కింద "ఒకటి రెండు చోట్ల" అనో "చాలా చోట్ల" అనో రాసి ఉంటుంది. రంగు కన్నా ఆ ముక్క ఎక్కువ చెబుతుంది.

డెల్టా కుర్రోడు (మధ్యాహ్నం 12:59)

సరే అండి, కానీ ఆచరణలో మాత్రం చాలాసార్లు ఆ మెట్లకే సరిపోతుంది కదా. ఇంకోటి, గోదారికి లెక్క ఈజీ. లక్ష క్యూసెక్కులకి ఒక అడుగు. భద్రాచలంలో ఎన్ని లక్షలు ఉన్నాయో చూస్తే రేపటికి ధవళేశ్వరంలో ఎన్ని అడుగులో చెప్పేయొచ్చు.

గేజిమెట్టు (మధ్యాహ్నం 1:15)

ఆ లెక్క ఒకచోట సరిపోయి మరోచోట తప్పుతుంది. మొదటి హెచ్చరిక సుమారు 10 లక్షల క్యూసెక్కుల దగ్గర, రెండోది 13 లక్షల దగ్గర, మూడోది 17 లక్షల దగ్గర వస్తుంది. 10 నుంచి 13కి మూడు లక్షలు పెరిగితే గేజి పెరిగేది రెండు అడుగులే. 13 నుంచి 17కి నాలుగు లక్షలకు నాలుగు అడుగులు, ఇక్కడ మీ సూత్రం సరిపోయింది. 2022లో సుమారు 25.8 లక్షలు వదిలినప్పుడు గేజి 21 అడుగులు దాటింది కానీ 26కి పోలేదు. నది వెడల్పుగా పరుచుకున్నాక అంగుళం పెరగడానికి కూడా చాలా నీరు కావాలి.

మొదటి హెచ్చరిక కిందనైతే గేజిని నమ్ముకోవడమే కష్టం. కాలువలకు నీరెక్కాలి కాబట్టి అప్పుడు గేట్లు ఎత్తుతూ దించుతూ మట్టాన్ని ఒకచోట నిలుపుతారు. మట్టం కదలకుండానే దిగువకు వదిలే నీరు రెండింతలు అయిపోవచ్చు. అందుకే బులెటిన్‌లో నీటిమట్టంతో పాటు సముద్రంలోకి వదులుతున్న నీరు ఎంతో కూడా చూడాలి. 175 గేట్లూ పూర్తిగా ఎత్తేశాక బ్యారేజి చేతిలో ఏమీ ఉండదు, వచ్చింది వచ్చినట్టు పోతుంది. "బ్యారేజి ఆపొచ్చు కదా" అని అడుగుతుంటారు చాలామంది. అది డ్యాం కాదు, వరదని దాచుకునే చోటు దానికి లేదు.

భద్రాచలం అంకెలో ఇంకో లోటు ఉంది. శబరి వచ్చి కలిసేది కూనవరం దగ్గర, అంటే భద్రాచలం దాటాక. శబరి పొంగితే ఆ నీరు భద్రాచలం గేజిలో కనపడదు, ధవళేశ్వరానికి మాత్రం వచ్చేస్తుంది. కాబట్టి భద్రాచలంతో పాటు కూనవరం, చింతూరు మాటలు కూడా విని తీరాలి.

లంకింటి కోడలు (మధ్యాహ్నం 1:24)

చాలా థాంక్సండి. ఇప్పుడు నా దగ్గర ఉన్న అంకెలు ఇవి. భద్రాచలం 54.2 అడుగులు, ఇంకా పెరుగుతోంది. ధవళేశ్వరం ఉదయం 6 గంటలకు 12.1, 9 గంటలకు 12.4, మధ్యాహ్నం 12కి 12.7. ఇంటి అరుగు దాకా రావడానికి మూడో హెచ్చరిక దాటాలని మామయ్యగారి అంచనా. అంటే రేపటి దాకా టైం ఉన్నట్టేనా?

ఏటిగట్టు అక్క (మధ్యాహ్నం 1:33)

అమ్మా, అరుగు సంగతి తర్వాత. లంకలో ముందు తెగేది దారి. మీ వాళ్ళు ఏటిగట్టు మీదికి ఎలా వస్తారు? కాజ్‌వే మీదా, రేవు దాటా?

చాకలిపాలెం దగ్గర కనకాయలంక కాజ్‌వే చూడండి. మొదటి హెచ్చరిక రాకముందే అది నీళ్ళలో ఉండే సందర్భాలున్నాయి. ఇల్లు భద్రంగా ఉంటుంది, జనం నాలుగు రోజులు అక్కడే చిక్కుకుపోతారు. మందులు అయిపోతాయి, గేదెలకు గడ్డి ఉండదు. ఇల్లు ఎప్పుడు మునుగుతుందని కాదు, దారి ఎప్పుడు తెగుతుందని లెక్క వేయండి.

లంకింటి కోడలు (మధ్యాహ్నం 1:38)

కాజ్‌వే ఒకటి ఉందండి. దాని మీదికి నీరు వచ్చేసింది, మోకాలి లోతు అంటున్నారు. ట్రాక్టర్లు నడుస్తున్నాయట ఇంకా. తర్వాత పడవే.

గేజిమెట్టు (మధ్యాహ్నం 1:55)

అయితే లెక్క వేద్దాం. ఆరు గంటల్లో 0.6 అడుగు పెరిగింది, అంటే గంటకు 0.1. రెండో హెచ్చరిక 13.75కి ఇంకా 1.05 అడుగులు ఉంది. ఇదే ఊపు ఉంటే పదిన్నర గంటలు, అంటే రాత్రి పదిన్నర ప్రాంతం. కానీ ఊపు ఇలాగే ఉంటుందనుకోవద్దు. ఇప్పుడు ధవళేశ్వరం చేరుతున్నది నిన్న భద్రాచలం దాటిన నీరు. ఈరోజు భద్రాచలంలో 54 ఉంది. 53 అడుగుల దగ్గరే అక్కడ సుమారు 14 లక్షల క్యూసెక్కులు ఉంటాయి. ఆ నీరు ఇంకా దారిలో ఉంది. అది 13 లక్షలు దాటిన నీరే కాబట్టి రెండో హెచ్చరిక ఖాయం అనుకోండి. శబరి కూడా పొంగితే మూడోది ఎంతో దూరం ఉండదు.

ధవళేశ్వరంలో పెరిగిన నీరు మీ లంకకు రావడానికి ఇంకొన్ని గంటలు పడుతుంది. ఆ గంటల్ని సమయం మిగిలిందనుకుని లెక్కలో కలపకండి, వాటిని చేతిలో ఉంచుకోండి. ఎందుకంటే అసలు గడువు నీళ్ళు పెట్టేది కాదు, చీకటి పెట్టేది. మోకాలి లోతు కాజ్‌వే మీద ఇంకో అడుగు చేరితే ట్రాక్టరుకు కూడా దారి ఉండదు. అంచు రాళ్ళు కనపడవు, పక్కకు లాగే ప్రవాహం ఉంటుంది. చీకటి పడ్డాక పడవలు తిప్పరు. కాబట్టి మీ వాళ్ళకి ఉన్నది సాయంత్రం నాలుగు దాకా అనుకోండి. నడిచి మాత్రం దాటొద్దు.

భీమారం చెరువు (మధ్యాహ్నం 2:05)

మాది వేరే గొడవండి. మాకు గోదారి హెచ్చరికతో పనే లేదు, గట్టు లోపల ఉన్నాం. భీమవరం దగ్గర చేపల చెరువు. రెడ్ అలర్ట్ వచ్చిన రోజు గోదారి మామూలుగానే ఉంది, అయినా చెరువు గట్టు పొర్లిపోయింది. యనమదుర్రు డ్రెయిన్ నీళ్ళు తీసుకోలేదు. మాలాంటివాళ్ళం ఏం చూడాలి? రెడ్ అంటే చెరువులో నీళ్ళు ముందే తీసేయాలా?

గేజిమెట్టు (మధ్యాహ్నం 2:30)

మీది కోడలుగారికి పూర్తిగా తిరగేసిన కేసు. గట్టు లోపల ఉన్నవాళ్ళకి వాన రంగే ముఖ్యం. 20 సెంటీమీటర్లు పడితే బయటి నుంచి చుక్క రాకపోయినా చెరువు మట్టం 20 సెంటీమీటర్లు పెరుగుతుంది. గట్టు మీద జారి లోపలికి వచ్చేది దాని మీద అదనం. గట్టు అంచుకి, నీటికి మధ్య ఎప్పుడూ అడుగున్నర ఉండాలి. గట్టు దిగిన చోట, అంటే తూము పక్కన, దారి దాటే చోట, కొలిచి చూడండి. సగటు ఎత్తు చూస్తే మోసపోతారు. నీళ్ళు తీసేదుంటే ఆరెంజ్ దగ్గరే తీయాలి. రెడ్ వచ్చేసరికి అందరూ ఒకేసారి డ్రెయిన్‌లోకి వదులుతారు, డ్రెయిన్ నిండిపోతుంది.

అది ఎందుకు లాగదో కూడా చూడండి. మురుగు కాలువ చివర సముద్రం పోటు మీద ఉంటే నీరు దిగదు. అమావాస్య, పౌర్ణమి దగ్గర పోటు ఎక్కువ. రోజుకు రెండుసార్లు సముద్రం వెనక్కి తగ్గి పాటు వచ్చినప్పుడు మాత్రమే నీరు దిగుతుంది. గోదారి పాయలోకి దిగే మురుగు కాలువలకు ఇంకో ఇబ్బంది. ఏరు ఎత్తుగా ఉంటే ఏటి నీరు వెనక్కి రాకుండా తూము తలుపులు మూసేస్తారు. అప్పుడు లోపల పడ్డ వాన లోపలే నిలుస్తుంది. వాన ఆరెంజ్, గోదారి రెండో హెచ్చరిక, అమావాస్య మూడూ కలిసిన రోజు గట్టు లోపల ఉన్న పల్లపు ఇళ్ళకి రెడ్ కిందే లెక్క, ఏ బులెటిన్‌లో ఏ రంగు వేసినా సరే.

పుల్లేటికుర్రు పంతులు (మధ్యాహ్నం 2:41)

ఇంటికి కూడా ఇదే లెక్క వేసుకోవచ్చండి. 150 గజాల స్థలం అంటే సుమారు 125 చదరపు మీటర్లు. దాని మీద 100 మిల్లీమీటర్లు పడితే పన్నెండు వేల ఐదు వందల లీటర్లు. వీధి కాలువ లాగకపోతే అదంతా ఎక్కడ నిలుస్తుందో చూసుకోవాలి. వాతావరణ శాఖ రోజు పొద్దున్న 8:30 నుంచి మర్నాడు పొద్దున్న 8:30 వరకు అని కూడా గుర్తుంచుకోండి. "నిన్న 12 సెంటీమీటర్లు" అంటే అందులో ఈ తెల్లవారుజామున పడిందీ ఉంటుంది.

ఏటిగట్టు అక్క (మధ్యాహ్నం 2:50)

కోడలుగారూ, మీ వాళ్ళకి ఫోన్ చేసి చెప్పవలసినవి. ముందు గేదెలు, దూడ బయటికి. గట్టు మీద కట్టేయడానికి చోటు ముందే చూడమనండి, సాయంత్రానికి ఉండదు. గడ్డి మోపులు వాటితోనే రావాలి. మామయ్యగారికి, అత్తయ్యగారికి వాడే మందులు వారానికి సరిపడా, పట్టా, ఆధార్, బ్యాంకు పుస్తకం ప్లాస్టిక్ సంచిలో కట్టి నడుముకి. మోటారు విప్పి అటక మీద పెట్టండి, మెయిన్ స్విచ్ ఆపేయండి.

గ్యాస్ సిలిండర్ని చాలామంది బరువుగా ఉందని వదిలేస్తారు. నిండుగా ఉన్న 14.2 కిలోల సిలిండర్ మొత్తం బరువు 30 కిలోల దగ్గర, అది పక్కకు నెట్టే నీరు అంతకన్నా ఎక్కువ. అంటే నిండు బండ కూడా తేలుతుంది. రెగ్యులేటర్ తీసి, మూత పెట్టి, నిలబెట్టి స్తంభానికి తాడుతో కట్టండి. తేలి ఇంట్లో తిరిగితే ట్యూబు తెగుతుంది.

లంకింటి కోడలు (మధ్యాహ్నం 3:05)

మామయ్యగారితో మాట్లాడాను. ట్రాక్టరు మాట్లాడుకున్నారు, గేదెలని తీసుకొచ్చేస్తున్నారు. తాను ఒక్కడే ఇంటి దగ్గర ఉంటానంటున్నారు, సామాన్లు ఎవరైనా ఎత్తుకుపోతారని. దీనికేమంటారు?

డెల్టా కుర్రోడు (సాయంత్రం 3:12)

ఒక్కరు ఉండొచ్చులెండి, డాబా ఉంటే. అందరూ వెళ్ళిపోతే దొంగతనాలు నిజంగానే జరుగుతాయి.

ఏటిగట్టు అక్క (సాయంత్రం 3:18)

డాబా ఉన్నా నేను ఒప్పుకోను. కరెంటు ముందే ఆపేస్తారు, ఫోను ఛార్జింగు పోతుంది. ఒంటరిగా ఉన్న పెద్దాయనకి రాత్రి ఒంట్లో బాగుండకపోతే పడవ ఎవరు తెస్తారు? వయసులో ఉన్నవాళ్ళు ఇద్దరు ముగ్గురు కలిసి ఒక ఎత్తైన ఇంట్లో ఉంటే అది వేరే సంగతి. అప్పుడు కూడా పేర్లు, ఫోను నంబర్లు సచివాలయంలో రాయించి ఉండాలి. ఎవరున్నారో తెలియకపోతే పడవ రాదు. అత్యవసరమైతే 112, లేదా విపత్తుల నిర్వహణ సంస్థ 1070.

గేజిమెట్టు (సాయంత్రం 3:40)

ఈసారి వరదకే కాదు, వచ్చేసారికి పనికొచ్చేది ఒకటి చేయించండి కోడలుగారూ. ధవళేశ్వరం గేజి 13.75 అన్నది ధవళేశ్వరానికే. మీ కాజ్‌వేకి, మీ రేవుకి, మీ అరుగుకి ఎంత అన్నది ఎక్కడా అచ్చు వేసి ఉండదు. అది మీరే తయారు చేసుకోవాలి.

వచ్చేటప్పుడు మామయ్యగారిని కాజ్‌వే చివర కరెంటు స్తంభం మీద నీరు ఎక్కడ ఉందో ఆయిల్ పెయింటుతో ఒక గీత గీసి, పక్కన టైము రాయమనండి. ఆ టైముకి ధవళేశ్వరం అంకె బులెటిన్‌లోంచి మీరు రాసుకోండి. కాజ్‌వే మొదట మునిగినప్పుడు ఒకటి, ట్రాక్టరు ఆగినప్పుడు ఒకటి, నీరు అరుగు దగ్గరికి వస్తే ఒకటి, ఇలా మూడు నాలుగు గుర్తులు చాలు. బ్యారేజి దగ్గర గరిష్ఠం ఏ గంటకి నమోదైందో, మీ స్తంభం దగ్గర నీరు ఎప్పుడు నిలిచి తగ్గడం మొదలైందో రెండూ రాస్తే, మధ్య తేడాయే మీ ఊరికి వరద వచ్చే సమయం. ఎక్కే వరదకి, దిగే వరదకి గుర్తులు విడిగా రాయండి. ఒకే గేజి అంకెకి, ఎక్కేటప్పుడు మీ దగ్గర నీరు తక్కువ, దిగేటప్పుడు ఎక్కువ ఉంటుంది. పైన తగ్గాక మీ దగ్గర తగ్గుతుంది కాబట్టి. హెచ్చరిక ఉపసంహరించారని టీవీలో చెప్పగానే గేదెల్ని వెనక్కి తోలుకెళ్ళే తప్పు అక్కడే జరుగుతుంది.

పుల్లేటికుర్రు పంతులు (సాయంత్రం 3:55)

గుర్తులు మంచివే కానీ ఒక అనుమానం. లంకల ఒడ్డు ఏటా కోసుకుపోతోంది, ఒకచోట ఇసక మేట వేస్తోంది, మరోచోట తవ్వేస్తున్నారు. నాలుగేళ్ళ కిందటి గుర్తు ఇప్పటికి పనికొస్తుందా? పోలవరం స్పిల్‌వే మీదుగా నీరు మళ్ళాక భద్రాచలం నుంచి ధవళేశ్వరానికి వచ్చే సమయం కూడా మారిందని కొందరంటున్నారు.

గేజిమెట్టు (సాయంత్రం 4:10)

పాయ మారితే గుర్తు మారుతుంది, అనుమానం లేదు. పెద్ద వరద వెళ్ళిన ప్రతిసారీ ఒక్క గీతైనా కొత్తగా సరిచూసుకోవాలి. భద్రాచలం నుంచి ధవళేశ్వరానికి సుమారు ఒక రోజు అన్నది పాత లెక్క. ఇప్పుడు దాన్ని గంటల్లో ఇంత అని నేను చెప్పను. ఒక్కో వరదా ఒక్కోలా నడుస్తోంది. అందుకే భద్రాచలం అంకెను "ఎంత వస్తుంది" అన్నదానికి వాడండి, "ఎప్పుడు వస్తుంది" అన్నదానికి ధవళేశ్వరంలో మూడు గంటలకోసారి వచ్చే అంకెల్నే చూడండి.

అప్పనపల్లి తమ్ముడు (సాయంత్రం 4:22)

అండీ, మాది వైనతేయ మీద, సముద్రానికి దగ్గర. మా కాజ్‌వే దగ్గర ఒకే రోజు నీరు రెండుసార్లు పెరిగి రెండుసార్లు తగ్గినట్టు కనిపిస్తుంది, ధవళేశ్వరంలో అంకె కదలకపోయినా. గీత ఎప్పుడు గీయాలి?

గేజిమెట్టు (సాయంత్రం 4:31)

మీకు పోటు తగులుతోంది తమ్ముడూ. పోటు మీద ఉన్నప్పుడు ఒకటి, పాటు మీద ఉన్నప్పుడు ఒకటి, రెండూ గీయండి, పక్కన తిథి కూడా రాయండి. దారి తెగే లెక్కకి పోటు గీతనే పట్టుకోండి.

లంకింటి కోడలు (సాయంత్రం 4:47)

ఇద్దరూ గట్టు మీదికి వచ్చేశారు. మామయ్యగారు కూడా వచ్చారు, పక్కింటి కుర్రాళ్ళు ముగ్గురు ఉంటారట. స్తంభం మీద గీత గీశారు, 4:05 అని రాశారు. 3 గంటల ధవళేశ్వరం అంకె 13.1 అని వచ్చింది. గంటకి 0.1 కన్నా ఎక్కువే పెరిగింది.

గేజిమెట్టు (సాయంత్రం 4:52)

మూడు గంటల్లో 0.4. అంటే ఊపు పెరిగింది, రెండో హెచ్చరిక ఎనిమిది గంటలకే రావచ్చు. ఆ కుర్రాళ్ళకి ఆరు గంటల అంకె మెసేజ్ పెట్టండి. వాళ్ళ పేర్లు సచివాలయంలో రాయించారో లేదో అడగండి.